మెయిల్‌లో నవంబర్ 5, యాప్‌లో నవంబర్ 4: ఇండియా సబ్‌స్క్రిప్షన్ ఎప్పటిలోగా ఆపాలి?

డెంటన్_బుల్లోడు
ఇండియాలో ఉండగా తీసుకున్న ఓటీటీ ఏడాది ప్లాన్ ఒకటుంది, 1,499 రూపాయలు. ఆగస్టులో టెక్సస్ వచ్చాక దాన్ని తెరిచి చూస్తే సగం సినిమాలు ఈ దేశంలో రావంటోంది. ఆపేద్దామనుకుంటున్నా. యూపీఐ ఆటోపే పెట్టి ఉంది. రెన్యూవల్ నవంబర్ 5 అని మెయిల్ వచ్చింది. యాప్‌లో అకౌంట్ పేజీలో చూస్తే నవంబర్ 4 అని ఉంది. ఏది నమ్మాలి?

పోతే పోయింది 1,499 అనుకోవడానికి లేదు. అదే ఖాతా నుంచి 7వ తేదీన ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ పోతుంది. నాన్న సరిగ్గా దానికి సరిపడా వేసి ఉంచుతారు. ముందు ఇది లాగేస్తే వడ్డీకి తక్కువవుతుంది. పైగా కస్టమర్ కేర్ చాట్ ఉదయం 10 నుంచి రాత్రి 7 వరకట, అంటే నాకు అర్ధరాత్రి.

నైట్‌షిఫ్ట్_నాని
మెయిలే కరెక్ట్. యాప్‌లో బగ్ ఉంటది, పట్టించుకోకు. 5వ తారీఖు పొద్దున లేచి ఆపు, సరిపోతది. అంత టెన్షన్ అయితే అకౌంట్ ఖాళీ చేసి పెట్టు, తీసుకోవడానికి ఏం ఉండదు.

గోదారిగట్టు
@నాని ఖాళీ చేస్తే లోన్ వడ్డీ ఎక్కడినుంచి కడతాడు బాబూ? పోస్ట్ రెండో పేరా చదవలేదా?

నైట్‌షిఫ్ట్_నాని
5న ఖాళీ, 6న మళ్లీ నింపుకోవాలె. సింపుల్.

పద్దుల_పద్మ
బ్యాంకు పేమెంట్స్ విభాగంలో చాలా ఏళ్లు చేశాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

యాప్‌లో బగ్ లేదు, మెయిల్‌లో తప్పు లేదు. రెండూ ఒకే క్షణాన్ని చెబుతున్నాయి. నీ ప్లాన్ ఇండియాలో నవంబర్ 5 తెల్లవారకముందే, సరిగ్గా రాత్రి 12 గంటలకు మారుతుంది. సర్వర్‌లో అది యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం ప్రకారం నవంబర్ 4, 18:30 అని నమోదై ఉంటుంది. మెయిల్ పంపేవాళ్లు దాన్ని ఇండియా టైమ్‌లోకి మార్చి 5 అని రాశారు. యాప్ మాత్రం నీ ఫోన్ టైమ్‌లోకి మార్చింది. టెక్సస్‌లో అది 4వ తేదీ మధ్యాహ్నం, అందుకే 4 కనిపిస్తోంది.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. ఇవాళ మీకూ మాకూ పదిన్నర గంటల తేడా. ఆ లెక్కన గడువు 4వ తేదీ మధ్యాహ్నం 1:30 అనిపిస్తుంది. కానీ నవంబర్ మొదటి ఆదివారం మీ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, తేడా పదకొండున్నర అవుతుంది. కాబట్టి నీ అసలు గడువు మధ్యాహ్నం 12:30. క్లాస్ అయ్యాక ఒంటిగంటకు చూద్దాంలే అనుకుంటే అప్పటికే దాటిపోతుంది.

నాని చెప్పినట్టు 5 పొద్దున లేచి చూస్తే, మీకు 5 తెల్లారేసరికి ఇక్కడ 5 సాయంత్రం. డబ్బు ఎప్పుడో పోయి ఉంటుంది. 2025 ఆగస్టు నుంచి ఆటోపే డెబిట్లు రద్దీ లేని వేళల్లోనే జరపాలని యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ నిబంధన. ఉదయం 10 లోపు, మధ్యాహ్నం 1 నుంచి 5, రాత్రి 9:30 తర్వాత. నీ విషయంలో మొదటి అవకాశం మా అర్ధరాత్రి నుంచి ఉదయం 10 వరకు. అంటే మీకు 4వ తేదీ మధ్యాహ్నం పన్నెండున్నర మొదలు రాత్రి పదిన్నర వరకు.

డెంటన్_బుల్లోడు
ఒక్క గంటలో కొంప మునిగేదన్నమాట. అక్కా, ఆ రోజు 11 నుంచి 1 దాకా నాకు మిడ్‌టర్మ్ ఉంది.

పద్దుల_పద్మ
అయితే 4వ తేదీ దాకా ఆగొద్దు. డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు నీకు నోటీసు రావాలి. అది వచ్చేలోపే ఆపేస్తే బుర్రకు ప్రశాంతం. అక్టోబర్‌లోనే తీసెయ్. ప్లాన్ గడువు వరకు ఎలాగూ నడుస్తుంది.

కూకట్‌పల్లి_టు_కాల్గరీ
ఆటోపే తీసేసి అమెరికా కార్డు పెట్టుకోరాదా తమ్మీ? డాలర్లలో 16, 17 పడుతది, అంతే కదా. నేను ఒక మ్యూజిక్ యాప్‌కి కెనడా కార్డు అట్లనే పెట్టిన.

గోదారిగట్టు
అతను ఆపడం ఎలా అని అడుగుతుంటే కట్టడం ఎలా అని చెప్తున్నావేంటి గురూ 😄

బెర్లిన్_బాబాయి
అయినా కార్డు సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. చాలా ఇండియన్ సర్వీసులు విదేశీ కార్డు తీసుకోవు. తీసుకున్నవాటితో ఇంకో చిక్కు. డెబిట్‌కు ముందు నోటీసు ఇవ్వాలన్న రిజర్వ్ బ్యాంకు నియమం ఇండియాలో ఇచ్చిన కార్డులకు. మన జర్మనీ కార్డుకో, అమెరికా కార్డుకో ఆ 24 గంటల హెచ్చరిక రాదు, ఓటీపీ అడగదు. ఒకసారి పెట్టామా, గుట్టుచప్పుడు కాకుండా ఏటా లాగేస్తూనే ఉంటుంది.

తర్వాత రిఫండ్ వచ్చినా పూర్తిగా రాదు. లెక్క కోసం డాలర్ 90 రూపాయలు అనుకుందాం. 1,499 అంటే 16.66 డాలర్లు. కార్డు వాడు 3 శాతం విదేశీ ఫీజు వేస్తే ఇంకో 50 సెంట్లు. రిఫండ్ వచ్చే రోజుకి డాలర్ 92 అయితే అదే 1,499కి 16.29 మాత్రమే వెనక్కి వస్తుంది. ఫీజు చాలాసార్లు తిరిగివ్వరు. 87 సెంట్లు గోవిందా. ఒక్కదానికి చిన్న మొత్తమే, కానీ ఏమీ కొనకుండానే కట్టాం కదా.

కూకట్‌పల్లి_టు_కాల్గరీ
@బాబాయి అది నిజమే. నాకు రిఫండ్ తక్కువ వచ్చిందని ఆ యాప్ వాళ్లతోటి మస్తు కొట్లాడిన. వాళ్లు రూపాయల్లో పూర్తిగనే ఇచ్చిన్రు. ఇప్పుడు సమజైంది ఎక్కడ పోయిందో.

డెంటన్_బుల్లోడు
సరే, ఆపడానికే కూర్చున్నా. రెండు అడ్డంకులు. యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో పెడితే ఇండియా నంబర్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలంటోంది. ఓటీటీ యాప్‌లో రద్దు నొక్కితే మళ్లీ లాగిన్ అడుగుతోంది, ఆ ఓటీపీ కూడా ఇండియా నంబర్‌కే. ఇండియా సిమ్ పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉంది, అది సూట్‌కేసులో ఉంది. ఆ సిమ్ తీసి కొత్త ఫోన్‌లో వేద్దామంటే ఈ ఫోన్‌కి సిమ్ పెట్టే చోటే లేదు, అంతా ఈసిమ్.

నైట్‌షిఫ్ట్_నాని
వేరే ఆండ్రాయిడ్ ఎవరిదైనా అడుక్కొని అందులో వెయ్యి.

పద్దుల_పద్మ
వద్దు వద్దు! ఆ సిమ్‌ను కదపకు. యూపీఐ యాప్ ఆ పాత ఫోన్‌నీ, అందులోని సిమ్‌నీ కలిపి గుర్తుపట్టి ఉంటుంది. సిమ్ వేరే ఫోన్‌లోకి మారితే మొదటినుంచి రిజిస్ట్రేషన్ చెయ్యమంటుంది. దానికి అక్కడినుంచి ఇండియాకి ఎస్సెమ్మెస్ వెళ్లాలి. అది రోమింగ్‌లో ఒక్కోసారి వెళ్తుంది, ఒక్కోసారి వెళ్లదు.

పాత ఫోన్ చార్జింగ్ పెట్టు. సిమ్ అలాగే ఉంచి వైఫైకి కలుపు. యాప్ అప్‌డేట్ చెయ్యకు, లాగౌట్ అవ్వకు, తీసేసి మళ్లీ వెయ్యకు. తెరిచి ఆటోపే పేజీకి వెళ్లు. అక్కడ రద్దు చెయ్యడానికి కావలసింది యూపీఐ పిన్ మాత్రమే. ఎస్సెమ్మెస్ అక్కర్లేదు.

వరంగల్_వైష్ణవి
సిమ్ ఇక్కడికి తెచ్చుకోవడమే దండగ అంటాను నేను. నాది ఇంట్లో అమ్మ ఫోన్‌లో రెండో సిమ్‌గా ఉంది. ఓటీపీ వస్తే అమ్మ వాట్సాప్‌లో చెప్తది. రోమింగ్ గొడవ లేదు.

బెర్లిన్_బాబాయి
అమ్మ పడుకున్న టైమ్‌లో?

వరంగల్_వైష్ణవి
లేపుతా 😅 ఓటీపీ పది నిమిషాలు ఉంటది, అమ్మ కళ్లజోడు వెతికేసరికి ఎనిమిది అయిపోతాయ్. అయినా పనైతది.

పద్దుల_పద్మ
@వైష్ణవి ఓటీపీకి ఆ పద్ధతి పనిచేస్తుంది, యూపీఐకి పనిచేయదు. సిమ్ ఇండియాలో, యాప్ నీ దగ్గర అంటే యాప్ తెరుచుకోదు. మీ అమ్మగారి ఫోన్‌లోనే యాప్ పెట్టి పిన్ చెప్తే అవుతుంది కానీ, పిన్ ఎవరికీ చెప్పొద్దనే ఇన్నేళ్లు కస్టమర్లకు చెప్పాను. నా నోటితో సరే అనలేను.

వరంగల్_వైష్ణవి
అమ్మ కూడా ఎవరో అయిపోయిందా మేడమ్! ఆ బ్యాంకు ఖాతాలో డబ్బు వేసేదే అమ్మ.

గోదారిగట్టు
ఇది ఇక్కడ తేలదు. ఇద్దరూ కరెక్టే.

డెంటన్_బుల్లోడు
పాత ఫోన్ తెరుచుకుంది! యాప్ కూడా వచ్చింది. ఆటోపేలో మూడు ఉన్నాయి, వాటిలో ఓటీటీ పేరుతో ఒక్కటీ లేదు. ఒకటి మ్యూజిక్, ఒకటి క్లౌడ్ స్టోరేజ్, మూడోది ఎప్పుడూ వినని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 'పాజ్', 'రద్దు' రెండూ ఉన్నాయి. ఆ మూడోదేనా?

నైట్‌షిఫ్ట్_నాని
పాజ్ చెయ్యి చాలు. పొరపాటున వేరేది అయినా నష్టం ఉండదు.

పద్దుల_పద్మ
పాజ్ గురించి నాని సగం నిజం చెప్పాడు. పాజ్‌కు ఒక చివరి తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటగానే మళ్లీ దానంతట అదే చాలూ అవుతుంది. గుర్తుపట్టడానికి ఒకటి రెండు రోజులు పాజ్ చేస్తే తప్పులేదు, వదిలించుకోవడానికి మాత్రం రద్దే.

పేరు చూసి పోల్చుకోవడం కష్టం. యాప్ పేరు ఒకటుంటుంది, డబ్బు తీసుకునే కంపెనీ రిజిస్టర్డ్ పేరు ఇంకొకటుంటుంది. ఆ మూడోదాన్ని నొక్కి చూడు. ఎన్నాళ్లకోసారి, ఏ తేదీన మొదలైంది, ఎంతవరకు తీసుకోవచ్చు అని ఉంటుంది. ఏడాదికోసారి అని ఉండి, మొదలైన తేదీ పోయిన నవంబర్ 5 అయితే అదే. మొత్తం 1,499 కాకుండా ఎక్కువ కనిపిస్తే కంగారు పడకు, అది గరిష్ఠ పరిమితి.

డెంటన్_బుల్లోడు
ఏడాదికోసారి, నవంబర్ 5, '2,000 వరకు'. అదే. పిన్ కొట్టి రద్దు చేశా. 'రివోక్డ్' అని వచ్చింది. అయిపోయినట్టేనా?

పద్దుల_పద్మ
డబ్బు వైపు అయిపోయింది. ఇక వాళ్లు ఎంత అడిగినా నీ బ్యాంకు ఇవ్వదు. ఆ రద్దు పేజీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచు, అందులో రిఫరెన్స్ నంబర్ ఉంటుంది. కానీ సర్వీసు వైపు నీ ప్లాన్ ఇంకా 'రెన్యూ అవుతుంది' అనే ఉంటుంది. ఓటీటీ లాంటి ముందే కట్టే ప్లాన్‌కి పెద్ద ప్రమాదం లేదు, డబ్బు రాకపోతే ఆపేస్తారు. అయినా అక్కడా రద్దు చెయ్యడం మంచిది, లేకపోతే బాకీ ఉందంటూ మెయిళ్లు వస్తాయి.

వాడాక బిల్లు వచ్చే వాటికి మాత్రం ఇలా మ్యాండేట్, అంటే ఆటోపేకి నువ్వు ఇచ్చిన అనుమతి, ఒక్కటే తీసేస్తే సరిపోదు. బ్రాడ్‌బ్యాండ్, పోస్ట్‌పెయిడ్ లాంటివి.

కాకినాడ_కాజా
బ్రాడ్‌బ్యాండ్ మాట తెచ్చారు, నా గోడు వినండి. హైదరాబాద్ ఫ్లాట్‌లో నా పేరు మీద కనెక్షన్ ఉండేది. యూకే వచ్చేముందు ఆటోపే తీసేసి హాయిగా విమానం ఎక్కా. వాళ్లు నెలనెలా బిల్లు వేస్తూనే ఉన్నారు. తర్వాత రూటర్ వెనక్కి ఇవ్వలేదని దాని ఖరీదు కూడా కలిపారు. రూటర్ నా రూమ్మేట్ బీరువా మీద ఉంది, వాడు దాని మీద క్యాలెండర్ ఆనించాడు. వాడు వెళ్లి ఇచ్చి, రసీదు ఫోటో పంపాకే మూశారు.

గోదారిగట్టు
క్యాలెండర్ ఆనించడానికి నెలకి ఎంత పడిందో? 😂

కాకినాడ_కాజా
అడక్కు. బుర్జ్ ఖలీఫాకి ఆనించినా అంత అవదు.

నైట్‌షిఫ్ట్_నాని
ఏదేమైనా అకౌంట్ ఖాళీ పెట్టడమే సేఫ్ అని నా మాట. ఆటోపే ఫెయిల్ అయితే ఏం అవుతది? ఏం కాదు.

పద్దుల_పద్మ
ఓటీటీ డెబిట్ ఫెయిలైతే సాధారణంగా ఏం కాదు, నిజమే. మొదటిసారి విఫలమైతే ఇంకో మూడుసార్లు ప్రయత్నించే వీలుంది. నీ 'ఖాళీ, తర్వాత నింపు' ప్లాన్ దెబ్బతినేది అక్కడే. 5న ఖాళీ చేసి 6న వడ్డీ డబ్బు నింపితే, తర్వాతి ప్రయత్నంలో 1,499 అందులోంచే పోవచ్చు. 7న వచ్చే లోన్ డెబిట్ నాచ్ అనే బ్యాంకుల ఆటో డెబిట్ వ్యవస్థ ద్వారా వస్తుంది. అది తిరిగిపోతే చెక్ బౌన్స్ అయినట్టే. ఒకవైపు ఖాతా ఉన్న బ్యాంకు, మరోవైపు లోన్ ఇచ్చినవాళ్లు జరిమానా వేస్తారు. అంతకన్నా పెద్ద సంగతి, లోన్‌లో నాన్నగారు సహ దరఖాస్తుదారు అయితే ఆలస్యం ఆయన క్రెడిట్ రిపోర్టులోకీ ఎక్కుతుంది.

నైట్‌షిఫ్ట్_నాని
ఓహ్. లోన్ ఉంటే వేరే లెక్క. లోన్ లేనోళ్లకు నా సలహా 😎

తిరుపతి_తంబి
నాది కార్డు మీద ఉంది, యూపీఐ కాదు. ఇండియా డెబిట్ కార్డు. అదీ ఇలాగేనా?

పద్దుల_పద్మ
కార్డుకైతే నీ బ్యాంకు నెట్‌బ్యాంకింగ్‌లో ఈ-మ్యాండేట్లు లేదా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్లు అని ఒక పేజీ ఉంటుంది. అక్కడినుంచి తీసెయ్యొచ్చు, కాకపోతే రద్దుకి కూడా ఓటీపీ అడుగుతారు, అది నిబంధన. డెబిట్‌కు ముందు వచ్చే నోటీసులోనూ వద్దనుకునే దారి ఇవ్వాలి. ఆ నోటీసు మెయిల్‌కి కూడా వస్తోందో లేదో ముందే చూసుకో, ఎస్సెమ్మెస్ మీదే ఆధారపడకు.

15,000 దాటని చాలా చెల్లింపులకి డెబిట్ సమయంలో నిన్ను మళ్లీ ఓటీపీ అడగరు. 'ఓటీపీ నా దగ్గరే ఉంది, నేను ఇవ్వకపోతే పోదు' అని కూర్చుంటే కుదరదు.

తిరుపతి_తంబి
నేను అదే అనుకుని కూర్చున్నా 😬 థాంక్స్ అక్కా.

బెర్లిన్_బాబాయి
యాప్ స్టోర్ ద్వారా కొన్నవాళ్లు ఇంకోటి చూసుకోండి. ఆపిల్ ఖాతా దేశం ఇండియా నుంచి మార్చాలంటే ముందు సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసి, గడువు పూర్తయ్యేదాకా ఆగాలి. ఖాతాలో మిగిలిన బ్యాలెన్స్ కూడా ఖర్చుపెట్టాలి. మా అబ్బాయికి ఇక్కడి బ్యాంకు యాప్ జర్మనీ స్టోర్‌లోనే దొరుకుతుంది, ఇండియా స్టోర్‌లో ఏడాది ప్లాన్ అడ్డం పడి కూర్చుంది. గూగుల్ ప్లేలో దేశం ఏడాదికి ఒక్కసారే మార్చగలం.

డెంటన్_బుల్లోడు
అప్‌డేట్. ఆపరేటర్ యాప్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేశా. కొంతసేపటికి పాత ఫోన్‌లో సిగ్నల్ వచ్చింది, పేరుకుపోయిన మెసేజ్‌లన్నీ వరసగా దిగాయి. ఓటీటీ ఓటీపీ వచ్చింది. రద్దు బటన్ నొక్కితే 'నిజంగానే వెళ్లిపోతారా', 'సగం ధరకి ఇస్తాం', 'కారణం చెప్పండి' అని పేజీ తర్వాత పేజీ. చివరి పేజీలో 'ప్లాన్ కొనసాగించు' పెద్ద రంగు బటన్, 'రద్దు చెయ్యి' బూడిదరంగు చిన్న అక్షరాలు. మొత్తానికి అయింది. మెయిల్ కూడా వచ్చింది.

గోదారిగట్టు
ఇలాంటి వాటినే సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అంటారు. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో అదీ ఉంది. రద్దు దారి దాచిపెట్టడం, అనవసరంగా సాగదీయడం తప్పే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

కూకట్‌పల్లి_టు_కాల్గరీ
పెడితే ఏమన్న అయితదా?

గోదారిగట్టు
మా చెల్లి పెడితే డబ్బు వెనక్కి ఇచ్చారు. మా బావ పెడితే కేసు మూసేశామని మెసేజ్ వచ్చింది.

డెంటన్_బుల్లోడు
ఇంకో చిన్న చిక్కు. ఇప్పుడే నాన్న ఫోన్. టీవీలో 'మీ ప్లాన్ నవంబర్ 5తో ముగుస్తుంది' అని వస్తోందట. ఇన్నాళ్లూ నా లాగిన్‌తో రోజూ రాత్రి సీరియల్ చూస్తున్నారని నాకు ఇప్పుడే తెలిసింది.

వరంగల్_వైష్ణవి
😂😂😂 ఆయన ఫోన్ నంబర్‌తో నెలవారీ ప్లాన్ తీసిచ్చెయ్. ఆయన యూపీఐ, ఆయన ఓటీపీ, ఆయన టైమ్.

డెంటన్_బుల్లోడు
అదే చెప్పా. '1,499 అయితే నేనే వేసేవాణ్ణి కదరా, అడగొచ్చు కదా' అన్నారు.

పద్దుల_పద్మ
ఆ సిమ్ రీచార్జ్ మాత్రం మరచిపోకు తమ్ముడూ. 90 రోజులు వాడకం లేకపోతే నంబర్ తీసేసి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు. అప్పుడు నీ బ్యాంకు ఓటీపీలు వాళ్లకు వెళ్తాయి. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే పెద్ద వ్యాలిడిటీ ప్లాన్లు ఇప్పుడు ఉన్నాయి, అవి చాలు.

ఇంకొకటి. చదువుకి వెళ్లినవాళ్లు కూడా ఎన్నారై కిందకే వస్తారు కాబట్టి ఆ సేవింగ్స్ ఖాతాను ఎన్నారైల కోసం ఉండే ఎన్నార్వో ఖాతాగా మార్చుకోవాలి. మార్చేటప్పుడు కార్డు మారితే పాత మ్యాండేట్లు పడిపోవచ్చు, లోన్ మ్యాండేట్‌తో సహా. ముందే బ్రాంచిలో అడుగు.

తిరుపతి_తంబి
అక్కా, ఎన్నార్వోకి మార్చితే అమెరికా నంబర్‌తోనే యూపీఐ వస్తుందా?

పద్దుల_పద్మ
విదేశీ నంబర్లతో యూపీఐ వాడుకోగల దేశాలంటూ 2023లో ఎన్‌పీసీఐ ఇచ్చిన మొదటి జాబితాలో అమెరికా, కెనడా, యూకే ఉన్నాయి, జర్మనీ లేదు. అయితే నీ బ్యాంకూ నీ యాప్ రెండూ ఆ సౌకర్యం ఇస్తుండాలి. అన్నీ ఇవ్వవు.

బెర్లిన్_బాబాయి
మేం మళ్లీ సిమ్ పట్టుకు వేలాడాల్సిందే.

కాకినాడ_కాజా
డీటీహెచ్ గురించి ఎవరికైనా తెలుసా? ఆ హైదరాబాద్ ఫ్లాట్‌లో డిష్ కూడా నా పేరు మీదే ఉంది.

గోదారిగట్టు
అది ప్రీపెయిడే కదా, రీచార్జ్ ఆపితే ఆగిపోతుంది. బాక్స్ మీద ఏం ఆనించారో మాత్రం రూమ్మేట్‌ని కనుక్కో.